గిన్నె ఒక్కటే మార్చమన్నప్పుడు: ఒక మెనూ పని, 31 సూచనలు, ఒక ఈమెయిల్

ఒక రెస్టారెంటు మెనూ పని మధ్యలో చిక్కుపడినప్పుడు యజమానికి నేను రాసిన ఈమెయిల్ గురించి ఇది. ఉత్తరాన్ని మొత్తంగా ఇస్తున్నాను. దానికి ముందు ఏం జరిగిందో, అందులో ఏ మాట ఎందుకు రాశానో, తరువాత పని ఎలా నడిచిందో కూడా చెబుతాను. యజమాని అనుమతి తీసుకున్నాను; ఆవిడను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

పని ఇది: ఎనిమిది పేజీల మెనూ, గోడకు ఒక అడ్డ పోస్టరు, మెనూ లోపల పది బొమ్మలు. ఫోటోలు తీయించేంత వ్యవధి లేదని, బొమ్మలను ఏఐతో చేయమని ఆవిడే అడిగారు. నేను ఒప్పుకున్నాను. ఒప్పంద పత్రంలో సవరణల గురించి ఉన్నది ఒకే వాక్యం: "రెండు విడతల సవరణలు ఈ రుసుములోనే." మెనూలు, కరపత్రాలు చేసినంతకాలం ఆ వాక్యంతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పేజీ కూర్పులో సవరణ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఫలానా వరుస పైకి జరపమంటే ఆ వరుసే జరుగుతుంది, పక్క పేజీలో అక్షరం కదలదు.

పది బొమ్మలు పంపిన తరువాత ఐదు రోజుల పాటు సూచనలు వస్తూనే ఉన్నాయి. కొన్ని ఈమెయిల్లో, కొన్ని ఫోనుకు సందేశాలుగా, రెండు వాయిస్ రికార్డులుగా. కొన్ని ఆవిడవి, కొన్ని మేనేజరువి, కొన్ని వంటవాళ్లు చెప్పగా మేనేజరు పంపినవి. ఏది వస్తే దాన్ని అప్పటికప్పుడు సరిచేసి తిప్పి పంపాను. నా లెక్కలో అప్పటికే మూడు విడతలు దాటాయి. ఆవిడ లెక్కలో మొదటి విడతే ఇంకా పూర్తి కాలేదు, ఎందుకంటే ఏ బొమ్మా ఇంకా సరిగ్గా కుదరలేదు. పత్రంలో "విడత" అనే మాటకు అర్థం రాయలేదు కాబట్టి ఇద్దరి లెక్కా సరైనదే.

చిక్కు ఎక్కడుందో నాకు తెలిసింది సూపు గిన్నె దగ్గర.

నేను పంపిన బొమ్మలో వెడల్పాటి తెల్లని పింగాణీ గిన్నె ఉంది. "మా గిన్నెలు గోధుమరంగు మట్టివి, లోతుగా ఉంటాయి. గిన్నె ఒక్కటి మార్చండి చాలు" అని సందేశం వచ్చింది. అడిగింది చాలా చిన్న మార్పు. గిన్నె మేరకు మాస్కు గీసి, అంటే మారవలసిన చోటును గుర్తించి, ఆ భాగాన్ని మాత్రమే మళ్ళీ పుట్టించాను. గోధుమరంగు గిన్నె వచ్చింది. కానీ సూపు మీద తెల్లని అంచు తాలూకు ప్రతిబింబం సన్నని చంద్రవంకలా అలాగే ఉండిపోయింది. మట్టిగిన్నెలో పింగాణీ మెరుపు! పైగా గిన్నె లోతు పెరిగినా సూపు మట్టం పాత చోటే ఉండటంతో అంచు దాటి పొంగుతున్నట్టు కనబడింది. ఈసారి మాస్కును సూపు మీదికి కూడా జరిపాను. ప్రతిబింబం పోయింది, దానితో పాటు సూపు రంగు ముదిరింది, పైన చల్లిన ఆకు వేరే ఆకు అయింది. ఆరో ప్రయత్నంలో గిన్నె, రంగు రెండూ కుదిరాయి. చెంచా కాడ గిన్నె అంచులోకి కరిగిపోయింది. దాన్ని సరిచేసి పంపితే జవాబు ఇలా వచ్చింది: "గిన్నె బాగుంది. కానీ సూపు ఎందుకు మార్చారు? పాతదే బాగుంది కదా."

ఆవిడ అడిగింది న్యాయమే. నేను సూపును మార్చలేదు, కానీ అది మారింది. ఈ రెంటి మధ్య తేడాను ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు.

సంగతి ఏమిటంటే, ఈ సాధనాల్లో ఎక్కువ భాగం పని మొదలుపెట్టేది అర్థంలేని చుక్కల గందరగోళంతో. మనం రాసిన వర్ణనకు దగ్గరగా వచ్చేలా ఆ చుక్కలను మెట్టుమెట్టుగా సర్దుకుంటూ పోతే చివరికి బొమ్మ తేలుతుంది. అందులో గిన్నె ఒక పొర, సూపు ఒక పొర, చెంచా ఒక పొర అంటూ ఉండవు. అంతా ఒకే ముద్ద. మొదటి చుక్కల అమరికను నిర్ణయించే అంకెను సీడ్ అంటారు. అదే సీడ్, అదే వర్ణన, అవే సెట్టింగులు అదే సాధనానికి ఇస్తే సాధారణంగా మళ్ళీ అదే బొమ్మ వస్తుంది. వర్ణనలో "తెల్లని" తీసి "గోధుమరంగు" అని రాస్తే మాత్రం సర్దుబాటు మొదటి మెట్టు నుంచే వేరే దారి పట్టవచ్చు. బొమ్మను చూపించి ఫలానాది మార్చమని మాటల్లో చెప్పే వీలు కొత్త సాధనాల్లో ఉంది, దానితో చాలా పనులు తేలికయ్యాయి కూడా. అయినా అడగని చోట ఏదో ఒకటి కదలడం పూర్తిగా పోలేదు. అందుకే ప్రతి ప్రయత్నం తరువాత పాత బొమ్మను, కొత్త బొమ్మను ఒకదానిపై ఒకటి పెట్టి మార్చి మార్చి చూస్తాను. కదిలినవి కంటికి గంతులేస్తాయి. ఇలా చూడకుండా పంపితే ఆ తేడాను ముందుగా కనిపెట్టేది యజమానే.

ఆ రోజు పని ఆపి, వచ్చిన సూచనలన్నింటినీ ఒక పట్టికలో రాశాను. 31 అయ్యాయి. మొదట వాటిని బొమ్మల వారీగా పెట్టాను, ఏమీ తేలలేదు. తరువాత ఒక్కొక్క సూచన ఎదుట "దీన్ని తీర్చేది ఏది?" అని రాసుకుంటూ వెళ్లాను. అప్పుడు అవి మూడు కుప్పలయ్యాయి.

మొదటిది, నా చేతితో తీర్చగలిగినవి: వెలుగు పెంచడం, అంచులు కత్తిరించడం, ఒక మరక తుడవడం, వంటకం పేరులో అక్షరదోషం. ఇవి 11. రెండోది, బొమ్మను మళ్ళీ పుట్టించవలసినవి: పైనుంచి కాక పక్కనుంచి కనబడాలి, వెనక గోడకు బదులు కిటికీ ఉండాలి. ఇవి 6. మూడోది, అసలు వంటకాన్ని చూస్తే తప్ప తీరనివి: మా గిన్నె ఇది కాదు, మేము ఇంత నురగ రానివ్వం, ముక్కలు ఇంత పెద్దగా కోయం, పళ్లెంలో ఆరు వడ్డిస్తాం కానీ మీరు ఎనిమిది పెట్టారు. ఇవి 14.

ఈ పద్నాలుగే నా కళ్లు తెరిపించాయి. ఇవి అభిరుచికి సంబంధించినవి కావు, నిజానికి సంబంధించినవి. ఆ వంటింట్లో వండేది సాధనం ఎన్నడూ చూడలేదు. దానికి తెలిసింది "సూపు" అనే మాటతో పాటు లోకంలో ఎక్కువగా కనబడే బొమ్మలు. వర్ణన ఎంత పొడుగ్గా రాసినా అది ఆ సగటు వైపే మొగ్గుతుంది. ఆరు ముక్కల సంగతీ అంతే. వర్ణనలో ఆరు అని రాశాను. ఎనిమిది, తరువాత ఏడు, తరువాత ఐదు వచ్చాయి. సాధనం పళ్లెంలో ముక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వడ్డించదు, నిండుగా ఉన్న పళ్లెం ఎలా కనబడుతుందో అలా నింపుతుంది. ఒకటి రెండు వస్తువులైతే లెక్క తరచుగా సరిపోతుంది, పెరిగే కొద్దీ తప్పుతుంది.

పట్టిక పూర్తయ్యాక ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటి చిత్తు పంపలేదు. అందులో రెండో వాక్యమే "ఒప్పందం ప్రకారం విడతలు పూర్తయ్యాయి" అని ఉంది. దాని తరువాత సీడ్, మాస్కు, రెజల్యూషన్ అంటూ ఒక పేరా. చదివి చూసుకుంటే అది నన్ను నేను కాచుకోవడానికి రాసిన ఉత్తరంలా ఉంది. చదివిన మనిషి ఏం చేయాలో అందులో ఒక్క ముక్క లేదు. ఆ పేరా మొత్తం కొట్టేసి, దాని స్థానంలో గిన్నె కథ పెట్టాను. ఆవిడ కళ్లారా చూసిన ఉదాహరణ అది. పంపిన ఉత్తరం ఇదీ:

---

విషయం: మెనూ బొమ్మలు, మీ 31 సూచనలు, ఇకపై సవరణల పద్ధతి

నమస్కారం మేడమ్,

మీరు, మీ సిబ్బంది పంపిన సూచనలన్నీ చదివాను. మొత్తం 31. అన్నింటినీ ఒకే పట్టికలో రాసి ఈ ఉత్తరానికి జతచేశాను. ఏదైనా వదిలేసి ఉంటే చెప్పండి. ఇప్పటివరకు జరిగినదంతా ఒకే విడతగా లెక్కిస్తున్నాను. విడత అంటే ఏమిటో ఒప్పంద పత్రంలో నేను రాసి ఉండవలసింది, రాయలేదు. కాబట్టి మీకు ఇంకొక విడత పూర్తిగా మిగిలి ఉంది.

ముందుగా సూపు గిన్నె గురించి. మీరు గిన్నె మాత్రమే మార్చమన్నారు, వచ్చిన బొమ్మలో సూపు కూడా మారింది. అది నేను కోరి చేసినది కాదు. పేజీలో ఒక వరుసను జరిపినట్టు ఏఐ బొమ్మలో ఒక వస్తువును విడిగా జరపలేం. అందులో గిన్నె, సూపు, చెంచా విడివిడిగా ఉండవు. కలిసి ఒకే బొమ్మగా పుడతాయి. ఒకదాన్ని మార్చమంటే ఆ చుట్టుపక్కల కొంత మళ్ళీ పుడుతుంది. ఆ కొంతలో ఏం మారుతుందో ముందుగా చెప్పలేను. ఆ ఒక్క గిన్నె కోసం ఆరు ప్రయత్నాలు చేశాను, ఆరింటిలోనూ వేరే ఏదో ఒకటి కదిలింది.

అందుకని మీ సూచనలను మూడు రకాలుగా విడదీశాను. పట్టికలో రంగులు వేసి చూపించాను.

ఆకుపచ్చ రంగువి 11. ఇవి నేను చేతితో చేసేవి. మీరు అడిగినది అడిగినట్టే మారుతుంది, ఇంకేమీ కదలదు. ఎల్లుండికల్లా పంపుతాను.

పసుపు రంగువి 6. వీటికి బొమ్మను మళ్ళీ పుట్టించాలి. రెండు కొత్త బొమ్మలు చూపిస్తాను. మీరు ఒకటి ఎంచుకోవాలి, లేదా ఇప్పుడున్నదే ఉంచుకోవాలి. పాత బొమ్మలో మీకు నచ్చినవన్నీ కొత్తదానిలో ఉంటాయని మాట ఇవ్వలేను. ఇలా రెండు సార్లు చేసి చూస్తాను. అప్పటికీ కుదరకపోతే మూడోసారి చేసినా కుదురుతుందన్న నమ్మకం నాకు లేదు. ఆ బొమ్మను వదిలేయడమో, ఫోటో తీయడమో మేలు.

ఎరుపు రంగువి 14. ఇవే ముఖ్యమైనవి. మీ గిన్నె, మీ ముక్కల పరిమాణం, మీరు వడ్డించే సంఖ్య, మీ వంటకం అసలు రంగు. ఇవి మీ వంటింట్లో ఉన్న నిజాలు. ఏఐ వాటిని చూడలేదు కాబట్టి ఊహించి వేస్తుంది. నేను ఎన్నిసార్లు చేసినా ఇంకొక ఊహే వస్తుంది. మెనూలో వంటకం పేరు పక్కన బొమ్మ ఉంటే, అదే తమ ముందుకు వస్తుందని తినడానికి వచ్చినవాళ్లు అనుకుంటారు. ఆరు వడ్డించే చోట ఎనిమిది చూపిస్తే ఆ మాట పడేది మీ సర్వరు. కాబట్టి ఈ వంటకాలకు ఏఐ బొమ్మలు వాడవద్దని నా సలహా.

బదులుగా ఏం చేయవచ్చంటే, ఈ 14 సూచనలు ఆరు వంటకాలకు సంబంధించినవి. ఆ ఆరింటిని మీ హోటల్లోనే, కిటికీ పక్కన, వచ్చే ఆరు రోజుల్లో మీకు రద్దీ లేని ఒక పూట ఫోటో తీద్దాం. నేను వస్తాను. మూడు గంటలు చాలు. ఇప్పటికే చేసిన ఆ ఆరు బొమ్మల రుసుమును ఈ పూట పనికి మళ్ళిస్తాను, అదనంగా ఏమీ తీసుకోను.

"మేము ఫోనులో తీసిన ఫోటో పంపితే దాన్ని చూసి ఏఐ అలాగే చేయదా?" అని మేనేజరు గారు అడిగారు. దగ్గరగా చేస్తుంది, అచ్చంగా అలాగే చేయదు. పైన చల్లినవి, ముక్కల లెక్క మళ్ళీ తేడా వస్తాయి. అసలు, చూసి చేయడానికి పనికొచ్చేంత మంచి ఫోటో మీ దగ్గర ఉంటే ఆ ఫోటోనే మెనూలో పెట్టుకోవచ్చు.

పోస్టరు గురించి ఒక మాట. సూపు బొమ్మనే పోస్టరుకు పెద్దది చేయమన్నారు. ఆ బొమ్మ వెడల్పు 1024 పిక్సెళ్లు. మెనూలో 6 సెంటీమీటర్ల వెడల్పున చక్కగా అచ్చవుతుంది. పోస్టరు వెడల్పు 60 సెంటీమీటర్లు. అంత సాగదీస్తే మసకబారుతుంది. పెంచే సాధనాలు ఉన్నాయి కానీ అవి లేని వివరాలను కల్పించి నింపుతాయి. నేను చేసి చూస్తే ఆకు మీద ఈకల్లాంటి గీతలు వచ్చాయి, జతచేశాను, చూడండి. పోస్టరుకు కూడా ఫోటోయే దారి.

లోపలి హాలు బొమ్మలో బోర్డు మీద మీ పేరు రాయమన్నారు. బోర్డును ఖాళీగా ఉంచి, పేరును నేను అక్షరాలతో కూరుస్తాను. ఏఐ వేసిన తెలుగు అక్షరాలు దూరం నుంచి అక్షరాల్లా కనబడతాయి కానీ చదవబోతే వత్తులు, గుణింతాలు తరచుగా తప్పు చోట ఉంటాయి.

ఇంకొక సంగతి కూడా మీకు తెలియాలి. ఏఐతో చేసిన బొమ్మ మీ ఒక్కరికే సొంతమని నేను హామీ ఇవ్వలేను. ఇంకెవరైనా ఇలాంటి వర్ణనే రాస్తే ఇలాంటి బొమ్మే రావచ్చు. అందుకే మీ హోటలు లోగోకు గానీ, పోస్టరు మధ్య బొమ్మకు గానీ వీటిని వాడను.

ఇకపై విడత అంటే ఇదని అనుకుందాం: చూడవలసిన వాళ్లందరూ చూశాక, మీరు ఒక్కరే, ఒకే ఉత్తరంలో పంపిన మార్పుల జాబితా ఒక విడత. జాబితాలో ఎన్ని ఉన్నా ఒక విడతే. తరువాత విడిగా వచ్చినవి వచ్చే విడతలోకి వెళతాయి. మిగిలిన విడత తరువాత కూడా మార్పులు కావాలంటే తప్పకుండా చేస్తాను, గంటల లెక్కన. ఎన్ని గంటలో ముందే చెప్పి, మీరు సరేనన్నాకే మొదలుపెడతాను. నా వైపు పొరపాట్లు, అంటే అక్షరదోషం, తప్పు ధర, చెప్పినా చేయనిది, ఏ విడతలోకీ రావు. ఎప్పుడు కనబడినా సరిచేస్తాను.

మీ నుంచి నాకు కావలసినవి రెండే. ఎరుపు రంగు వంటకాలకు ఫోటో తీద్దామా వద్దా, తీస్తే ఏ రోజు. పసుపు రంగు ఆరింటిలో ఏవి మళ్ళీ చేయాలి, ఏవి ఉన్నట్టే ఉంచాలి. గురువారం లోగా చెబితే ప్రెస్సుకు ఇవ్వవలసిన తేదీ తప్పదు. ఫోనులో మాట్లాడితే బాగుంటుందనుకుంటే రేపు ఉదయం ఎప్పుడైనా చేయండి.

---

ఈ ఉత్తరంలో నేను ఎక్కువసేపు తర్జనభర్జన పడింది మొదటి పేరా దగ్గరే. జరిగినదంతా ఒకే విడత అని ఒప్పుకుంటే నాకు రెండు రోజుల పని నష్టం. కానీ విడతకు అర్థం రాయని పత్రం నాది. రాయని మాటను తరువాత నాకు అనుకూలంగా చదివితే, ఆ పైన నేను చెప్పే సాంకేతిక కారణాలన్నీ ఆవిడకు సాకుల్లాగే వినిపిస్తాయి. ముందు ఆ చిక్కు విప్పితేనే గిన్నె సంగతి ఆవిడ నింపాదిగా చదువుతారని అనిపించింది.

రెండోది, కొత్తగా పుట్టించే ప్రయత్నాలకు హద్దు పెట్టడం. ఒక్కసారి మీట నొక్కితే నాలుగు బొమ్మలు వస్తాయి కాబట్టి యజమానులకు ఇది ఖర్చులేని పనిలా కనబడుతుంది. నా సమయం పోయేది పుట్టించడంలో కాదు, వచ్చినవాటిని వడపోయడంలో. ఏ చెంచా కరిగిపోయింది, ఏ నీడ తప్పు వైపు పడింది, ఏ పళ్లెం అంచు వంకరపోయింది అని పెద్దది చేసి మూలమూలా చూడాలి. ఈ పనిలో ఒక బొమ్మను పంపడానికి ముందు పదిహేను, ఇరవై పక్కన పడేశాను. అయితే ఈ లెక్క ఉత్తరంలో రాయలేదు. ఆవిడకు అక్కరకొచ్చేది నా శ్రమ కాదు, ఆవిడ ముందుకు ఎన్ని వస్తాయి, ఎన్నిసార్లు వస్తాయి అన్నదే.

సొంతమనే హామీ గురించిన పేరా కొందరు డిజైనర్లు వదిలేస్తారు. వదలకూడదని నా అభిప్రాయం. అమెరికా కాపీరైట్ కార్యాలయం మనిషి సృజన లేకుండా యంత్రం మాత్రమే చేసిన బొమ్మకు హక్కు నమోదు చేయదు. అక్కడి అప్పీలు న్యాయస్థానం 2025లో ఇదే మాట నిలబెట్టింది. దేశాన్ని బట్టి చట్టం వేరుగా ఉండవచ్చు. కానీ రేపు పక్క హోటలు అదే బొమ్మను పెట్టుకుంటే మనం ఏం చేయగలమని యజమాని అడిగినప్పుడు, ముందే చెప్పి ఉండటం ఒక్కటే నా దగ్గరున్న జవాబు.

ఉత్తరం అందిన మరుసటి ఉదయం ఆవిడ ఫోను చేశారు. విడతల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగిందల్లా ఎరుపు రంగు గురించే. "పళ్లెంలో ఆరు అని మా వంటాయన మూడు సార్లు చెప్పించారు. మీరు పట్టించుకోవడం లేదని కోపంగా ఉన్నారు" అన్నారు. నాకు ఆయన ఎవరో కూడా అప్పటికి తెలియదు. పద్నాలుగు సూచనల్లో పదకొండు ఆయనవేనట. అవి మేనేజరు నోట మారి, సందేశంగా కుదించుకుని నా దగ్గరికి వచ్చేసరికి అభిరుచుల్లా కనబడ్డాయి.

ఫోటోలు శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి వరకు తీశాం. కెమెరా తీసుకెళ్లాను కానీ ఎక్కువ భాగం ఫోనుతోనే అయింది. పెద్ద కిటికీకి పక్కగా బల్ల వేసి, పైకప్పు దీపాలన్నీ ఆర్పించాను. దీపం పసుపు, కిటికీ వెలుగు నీలం కలిస్తే ఆహారం రంగు చెడిపోతుంది. తరువాత సరిచేయడం కష్టం. కిటికీకి ఎదుటి వైపు తెల్లని థర్మోకోల్ పలక నిలబెట్టాం. దానివల్ల నీడ వైపు కూడా వెలుగు తిరిగి పడుతుంది. లోతున్న గిన్నెలను కాస్త ఏటవాలుగా, పళ్లేలను నిట్టనిలువుగా పైనుంచి తీశాను. సూపు విషయంలో తొందరపడాలి: కాసేపు ఆగితే పైన మీగడలా పొర కడుతుంది. మొదటి గిన్నె అలాగే పాడైంది. రెండోసారి బల్ల, పలక, ఫోను అన్నీ సిద్ధం చేసుకుని, ఖాళీ గిన్నెతో నీడలు చూసుకున్నాకే వంటాయనను సూపు పోయమన్నాను.

ఫోను తీసిన ఫోటో 4032 పిక్సెళ్ల వెడల్పు, 3024 ఎత్తు. పోస్టరు 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. నిష్పత్తి కూడా అదే. లెక్క వేస్తే అంగుళానికి సుమారు 170 పిక్సెళ్లు వస్తాయి. రెండడుగుల దూరం నుంచి చూసే గోడ పోస్టరుకు 150 చాలు. పాత ఏఐ బొమ్మనైతే అదే కొలతకు సాగదీస్తే అంగుళానికి 43 మాత్రమే. ఈ రెండు అంకెలూ చూపించాక పోస్టరు చర్చ అక్కడితో ముగిసింది.

పది బొమ్మల్లో ఆరు ఫోటోలయ్యాయి. మూడు ఏఐ బొమ్మలను ఉంచాం, కానీ వంటకాల పక్కన కాదు. విభాగాల మొదట్లో నేపథ్యాలుగా. ఆవిరి, చెక్కబల్ల మీద ఆకులు, కిటికీ ఉన్న హాలు. ఏ వంటకాన్నీ అవి చూపించవు కాబట్టి ఎవరికీ తప్పుడు మాట ఇవ్వవు. ఇలాంటి చోట ఈ సాధనాలు నిజంగా బాగా పనిచేస్తాయి. ఒక బొమ్మను వదిలేశాం. రెండు ప్రయత్నాల్లోనూ కుదరలేదు, మూడోది చేయలేదు.

ఉత్తరంలో రెండు లోపాలు తరువాత బయటపడ్డాయి. "రెండు సార్లు చేసి చూస్తాను" అని రాశాను. ఒక్కో బొమ్మకు రెండు సార్లా, మొత్తం ఆరింటికీ కలిపి రెండు సార్లా అన్నది అందులో లేదు. ఆవిడ రెండోదిగా అర్థం చేసుకుని, మూడు బొమ్మలను మళ్ళీ చేయమని అడగకుండానే ఊరుకున్నారు. ఫోనులో యథాలాపంగా ఆ మాట వచ్చింది కాబట్టి తెలిసింది; లేకపోతే నేను ఇవ్వదలచినది ఆవిడకు అందేది కాదు. రెండో లోపం రంగులది. మేనేజరు పట్టికను నలుపు తెలుపుల్లో ప్రింటు తీసి వంటింట్లో అతికించారు, మూడు రంగులూ ఒకే బూడిద రంగయ్యాయి. ఇప్పుడు ప్రతి వరుస ఎదుట "చేతితో", "మళ్ళీ పుట్టించాలి", "ఫోటో" అని మాటలే రాస్తున్నాను.

అచ్చుకు ముందు తీసిన ప్రూఫులో ఇంకొక సంగతి కనబడింది. తెర మీద మెరిసిన ఆకుపచ్చ, కాగితం మీద మందగించింది. ఇది ఏఐ బొమ్మలకే కాక ఫోటోలకూ వర్తించేదే. అచ్చు సిరా ఇవ్వలేని రంగులు తెర ఇస్తుంది. కానీ ఏఐ బొమ్మలు మరీ గాఢమైన రంగులతో పుడతాయి కాబట్టి వాటిలో తేడా కొట్టొచ్చినట్టు తెలిసింది. ఆ మూడు నేపథ్యాలకూ ముందే రంగు తగ్గించి రెండో ప్రూఫు తీయించాను. ఇది నేను మొదటే చూసుకోవలసినది కాబట్టి విడతలో లెక్కించలేదు.

రెండో విడత జాబితా ఆవిడ నుంచి ఒకే ఉత్తరంలో వచ్చింది. ఐదు సూచనలు, ఐదూ చేతితో చేసేవే. కింద వంటాయన పేరు కూడా ఉంది, ఆయన చూశారని తెలియడానికి. గంటన్నరలో ముగించి ఫైలును ప్రెస్సుకు పంపాను.

ఆ పని తరువాత ఒప్పంద పత్రంలో పాత వాక్యం తీసేసి ఇలా రాసుకున్నాను: "చూడవలసినవారందరూ, వండేవారితో సహా, చూశాక ఒకే వ్యక్తి ఒకే ఉత్తరంలో పంపే జాబితా ఒక విడత. ఇటువంటివి రెండు ఈ రుసుములోనే. ఏఐతో చేసే బొమ్మలకు ఒక్కో బొమ్మకు రెండు సార్లు, సారికి రెండు నమూనాలు చూపబడతాయి. కొత్త నమూనాలో పాతదానిలోని ఏ అంశమూ అలాగే ఉంటుందన్న హామీ లేదు. మెనూలో పేరుతో చూపే వంటకానికి ఫోటో మాత్రమే వాడబడుతుంది."